గ్రాఫును చెవికి చూపించడం ఎలా? భారత జనాభా గీతతో పూర్తి సాధన

చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పాఠం బాగానే చదువుతున్నాం, మధ్యలో గ్రాఫు వస్తే ఏం చేయాలి?" చాలామంది "ఇక్కడ ఒక గ్రాఫు ఇచ్చారు" అని ముందుకు వెళ్లిపోతారు. కొందరు అందులోని అంకెలన్నీ వరసగా చదివేస్తారు. రెండు పద్ధతుల్లోనూ వినేవాడి మనసులో గీత పడదు.

అందుకే ఒకే ఒక్క గ్రాఫును మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. సాంఘిక శాస్త్రం పాఠాల్లోనూ, పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ కనిపించే గ్రాఫే: 1901 నుంచి 2011 దాకా జనగణనల ప్రకారం భారతదేశ జనాభా. ఒక్క గీత, పన్నెండు బిందువులు.

## 1. ముందు గ్రాఫును అంకెల్లోకి దించుకోండి

మైకు దగ్గరికి వెళ్లకముందు కాగితం మీద చేయాల్సిన పని ఇది. గ్రాఫులోని ప్రతి బిందువు విలువనూ రాసుకోండి. మన గ్రాఫులో విలువలు ఇవి, కోట్లలో:

- 1901: 23.8
- 1911: 25.2
- 1921: 25.1
- 1931: 27.9
- 1941: 31.9
- 1951: 36.1
- 1961: 43.9
- 1971: 54.8
- 1981: 68.3
- 1991: 84.6
- 2001: 102.9
- 2011: 121.1

ఈ పట్టిక మీ కోసమే, చదవడానికి కాదు. ఇప్పుడు దీని పక్కన ఇంకో వరస రాయండి: ఒక్కో పదేళ్లకు ఎంత పెరిగింది? మొదటి పదేళ్లలో 1.4 కోట్లు. తర్వాతి పదేళ్లలో పెరగకపోగా కాస్త తగ్గింది. ఆ తర్వాత 2.8, 4, 4.2, 7.8, 10.9, 13.5, 16.3, 18.3, 18.2.

అసలు సంగతి ఈ రెండో వరసలోనే ఉంటుంది. కంటితో చూస్తే ఈ గీత చివరి దాకా అంతకంతకూ నిటారుగా లేస్తున్నట్టే అనిపిస్తుంది. తేడాలు రాసుకున్నాక తెలుస్తుంది, చివరి రెండు పదేళ్లలో పెరుగుదల దాదాపు సమానమని. అంటే అక్కడ గీత వంపు తిరగలేదు, ఒకే వాలుతో తిన్నగా పోయింది. తేడాలు రాసుకోకుండా చదివిన రోజుల్లో నేనూ "చివరి దాకా మరింత నిటారుగా" అనే చెప్పేవాణ్ని. అది తప్పు.

నిలువు అక్షం ఎక్కడ మొదలవుతుందో కూడా ఇప్పుడే చూసుకోండి. సున్నా నుంచి 140 కోట్ల దాకా గీసిన గ్రాఫులో మన గీత అడుగు నుంచి ఆరో వంతు ఎత్తులో మొదలవుతుంది. అదే గ్రాఫును 20 కోట్ల నుంచి మొదలుపెట్టి గీస్తే గీత నేల నుంచే లేచినట్టు కనిపించి, పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. కళ్లున్నవాడికి అక్షం పక్కన అంకె కనిపిస్తుంది. వినేవాడికి మీరు చెబితేనే తెలుస్తుంది.

## 2. ఆకారాన్ని ఒక్క వాక్యంలో పట్టుకోండి

పుస్తకం మూసేసి, ఖాళీ కాగితం మీద ఆ గీతను గుర్తున్నంత వరకు గీయండి. చెయ్యి ఎక్కడ నేలబారుగా పోయింది, ఎక్కడ పైకి మళ్లింది, ఎక్కడ ఆగింది? చెయ్యి చేసిన ఆ కదలికనే వాక్యంగా రాయండి.

నాకు వచ్చిన వాక్యం: "మొదటి ఇరవై ఏళ్లు గీత దాదాపు నేలబారుగా సాగి, తర్వాత మెల్లగా ఎక్కడం మొదలుపెట్టి, సగం దారి దాటాక నిటారుగా ఎక్కుతుంది."

ఇందులో ఒక్క జనాభా అంకె కూడా లేదు. ఉండకూడదు. ఆకారం ముందు మనసులో పడితే, తర్వాత వచ్చే అంకెలకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ముందే అంకెలు చెబితే అవి గాల్లో ఉండిపోతాయి.

పోలిక వాడాలనుకుంటే చేతికో కాలికో తెలిసినదాన్ని ఎంచుకోండి. మెట్లు, ఏటవాలు దారి, రంపం పళ్లు, దువ్వెన, గుట్ట: ఇవన్నీ పుట్టుకతో చూపులేనివారికీ తెలిసినవే. "ఇంద్రధనుస్సులా వంగింది" అంటే వాళ్లకు ఏమీ అందదు. పోలిక ఒక్కటే ఉండాలి. మెట్లని మొదలుపెట్టి మధ్యలో గుట్ట చేస్తే ఉన్న బొమ్మ చెదిరిపోతుంది.

## 3. చట్రం ముందు, గీత తర్వాత

ఒక విద్యార్థి నా పాత రికార్డింగు విని అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "అన్నా, గీత ఎక్కుతోందని తెలిసింది. ఎంత ఎత్తుకి ఎక్కగలదో తెలియక నా వేలు ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు." వింటూ బల్ల మీద వేలితో గీసుకోవడం అతని అలవాటు. నేను నిలువు అక్షం పరిధి చెప్పలేదు. వంద కోట్లు బల్ల అంచు దాకానో, మధ్యలోనో అతనికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి గీత గురించి మాట్లాడకముందే ఈ ఐదూ, ఇదే వరసలో చెప్పాలి:

- ఏ రకం బొమ్మ: రేఖా చిత్రమా, కమ్మీ చిత్రమా, వృత్త చిత్రమా
- దేని గురించి
- అడ్డంగా ఏముంది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంతెంత ఎడంతో
- నిలువుగా ఏముంది, ఏ కొలతలో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది
- ఎన్ని గీతలున్నాయి

"X-అక్షం, Y-అక్షం" అనడం తప్పేమీ కాదు, లెక్కల పాఠమైతే అలాగే అనాలి. మిగతా చోట్ల "అడ్డంగా", "నిలువుగా" అంటే ఎవరికైనా చాలు. గీత రంగు చెప్పాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. పాఠంలో "ఎర్ర గీతను గమనించండి" అని ఉంటే మాత్రం ఏది ఎర్ర గీతో చెప్పి తీరాలి.

## 4. ఎడమ నుంచి కుడికి, మలుపు దగ్గరే ఆగుతూ

ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరికి నడవండి. మధ్యలో ఆసక్తికరమైన చోటు కనిపించిందని ముందుకు దూకి మళ్లీ వెనక్కి రావద్దు. కన్ను దూకగలదు. చెవి ఒకే దిక్కుగా పోతుంది.

అన్ని బిందువుల దగ్గరా ఆగక్కర్లేదు. గీత తీరు మారినచోటే ఆగాలి. మన గ్రాఫులో అలాంటివి నాలుగు: మొదలు, 1921, 1951, చివర. 1921 దగ్గర గీత కొంచెం దిగుతుంది. నూట పదేళ్లలో దిగింది ఆ ఒక్కసారే. కాగితం మీద అది కంటికి ఆనదు కూడా, ఎందుకంటే తగ్గింది కోటిలో పదో వంతే. అయినా చెప్పాలి, పరీక్షలో అడిగేది అదే. చెప్పేటప్పుడు దాని పరిమాణమూ చెప్పాలి: "వెంట్రుకవాసి దిగుతుంది." ఉత్తినే "తగ్గింది" అంటే వినేవాడు అక్కడ పెద్ద గుంట ఊహించుకుంటాడు.

ఆ తగ్గుదలకు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ప్రధాన కారణమని మనకు తెలుసు. గ్రాఫు వర్ణనలో అది చెప్పకండి. గ్రాఫులో లేని సంగతి వర్ణనలోకి వస్తే, అది పుస్తకంలో ఉందో మీరు కలిపారో వినేవాడికి తెలియదు. కారణాన్ని పాఠం చెప్పనివ్వండి.

1921 తర్వాత ఆగే చోట్ల మధ్య దూరం సమానంగా ఉంటే వినేవాడికి చాలా సుఖం. అదృష్టం కొద్దీ, మధ్యలో 1981నీ కలుపుకుంటే ఇక్కడ అలా కుదిరింది. 1921 నుంచి ముప్పై ఏళ్లకొకసారి ఆగితే పెరుగుదల 11 కోట్లు, 32 కోట్లు, 53 కోట్లు. అడుగు అంతే, ఎక్కే ఎత్తు మాత్రం పెరుగుతోంది. గీత వంపు తిరుగుతోందని ఈ మూడు అంకెలే చెప్పేస్తాయి, "వక్రరేఖ" అనే మాట అక్కర్లేదు.

## 5. అంకెలు చెవిలో కలిసిపోకుండా

తెలుగులో అంకెలు చదివేవాళ్లకు కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. వీటిని కొంచెం నిదానంగా చూద్దాం.

మొదటిది, ఇరవై, అరవై. మొదటి అచ్చు మింగేస్తే రెండూ ఒకటే. యాభై, ఎనభై కూడా తోక ఒకటే కాబట్టి తికమక పెడతాయి. ఇలాంటి అంకె ముందు చిన్న విరామం ఇచ్చి, మొదటి అక్షరాన్ని ఒత్తి పలకండి. అంకె మొదలు పాత మాట తోకలో కలవకూడదు.

రెండోది, సంవత్సరమూ విలువా ఒకదాన్నొకటి ఢీకొనడం. "ఇరవై ఒకటిలో ఇరవై ఐదు, యాభై ఒకటిలో ముప్పై ఆరు" అని చదివితే ఏది ఏడాదో ఏది జనాభానో తేల్చుకునేలోపు మీరు తర్వాతి వాక్యంలో ఉంటారు. సంవత్సరాన్ని పూర్తిగా చెప్పండి, విలువ వెంట "కోట్లు" వదలకండి.

మూడోది, రెట్లు. 36 కోట్లు 121 కోట్లు కావడాన్ని "మూడు రెట్లు పెరిగింది" అంటే కొందరు మూడింతలయిందని, కొందరు మూడింతలు అదనంగా చేరిందని అనుకుంటారు. "పెరిగింది" వద్దు, "అయింది" వాడండి: "మూడింతలు దాటింది", "రెట్టింపు అయింది". అయోమయం పోతుంది.

దశాంశాలను సర్దేయండి. 23.8ని "సుమారు ఇరవై నాలుగు", 25.1ని "ఇరవై ఐదు" అనొచ్చు. కానీ సర్దాక కథ మారకుండా చూసుకోవాలి. 25.2, 25.1 రెండూ సర్దితే 25 అవుతాయి, 1921 నాటి దిగుడు మాయమైపోతుంది. అందుకే అక్కడ అంకెతో కాక మాటతో చెప్పాం.

స్క్రిప్టులో అన్ని అంకెలనూ అక్షరాల్లో రాసుకోండి. "1921" అని రాసుకుంటే నోరు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో చదువుతుంది.

## 6. పూర్తి స్క్రిప్టు

ఇప్పటిదాకా అనుకున్నవన్నీ కలిపితే ఇలా వస్తుంది. గీత గుర్తు ఉన్నచోట ఒక్క క్షణం ఆగాలి.

> గ్రాఫు వర్ణన మొదలు. — ఇది రేఖా చిత్రం. భారతదేశ జనాభా నూట పదేళ్లలో ఎలా మారిందో చూపిస్తుంది. అడ్డంగా సంవత్సరాలు: పంతొమ్మిది వందల ఒకటి నుంచి రెండు వేల పదకొండు వరకు, పదేళ్లకొక గుర్తు. నిలువుగా జనాభా, కోట్లలో: అడుగున సున్నా, పైన నూట నలభై కోట్లు. ఒకటే గీత ఉంది. —
>
> మొదటి ఇరవై ఏళ్లు గీత దాదాపు నేలబారుగా సాగి, తర్వాత మెల్లగా ఎక్కడం మొదలుపెట్టి, సగం దారి దాటాక నిటారుగా ఎక్కుతుంది. —
>
> ఎడమ చివర, పంతొమ్మిది వందల ఒకటవ సంవత్సరంలో, జనాభా సుమారు ఇరవై నాలుగు కోట్లు. అంటే గీత అడుగు నుంచి ఆరో వంతు ఎత్తులో మొదలవుతుంది. పదేళ్లకు కాస్త పెరిగి, పంతొమ్మిది వందల ఇరవై ఒకటవ సంవత్సరానికి వెంట్రుకవాసి దిగుతుంది. గీత కిందికి దిగింది ఈ ఒక్కచోటే. అప్పటికి జనాభా ఇరవై ఐదు కోట్లు. —
>
> అక్కడి నుంచి గీత ఎక్కుతూనే ఉంటుంది. మొదటి ముప్పై ఏళ్లలో పదకొండు కోట్లు పెరిగి, పంతొమ్మిది వందల యాభై ఒకటవ సంవత్సరానికి ముప్పై ఆరు కోట్లు అవుతుంది. తర్వాతి ముప్పై ఏళ్లలో ముప్పై రెండు కోట్లు పెరుగుతుంది. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో యాభై మూడు కోట్లు. — చివరి రెండు దశాబ్దాల్లో పెరుగుదల దాదాపు సమానం. అక్కడ గీత ఒకే వాలుతో తిన్నగా పోతుంది. —
>
> కుడి చివర, రెండు వేల పదకొండులో, నూట ఇరవై ఒక్క కోట్లు. — గ్రాఫు వర్ణన పూర్తయింది.

మొదట, చివర ఉన్న ఆ చిన్న ప్రకటనలు వదలకండి. ఎక్కడ పుస్తకం ఆగి మీ మాట మొదలైందో, ఎక్కడ మళ్లీ పుస్తకం అందుకుందో వాటివల్లే తెలుస్తుంది.

చదివేటప్పుడు గొంతును గీతతో పాటు పైకి లాగాలని కొందరికి ఉబలాటం ఉంటుంది. నాకది నచ్చదు. పెరుగుదల మంచిదో చెడ్డదో మీరు తీర్పు చెప్పినట్టు వినిపిస్తుంది. పాఠం చదివే గొంతుతోనే, వేగం మాత్రం కొంచెం తగ్గించి చదవండి. గీతను ఊహించుకోవడానికి టైము ఇచ్చేది విరామమే.

## 7. ఎవరితోనైనా గీయించి చూడండి

రికార్డింగు అయ్యాక, ఆ గ్రాఫు ఎన్నడూ చూడనివారికి ఒక్కసారి వినిపించండి. చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి గీయమనండి. చూపులేనివారైతే మెత్తటి రబ్బరు పలక మీద ప్లాస్టిక్ కాగితం వేసి పెన్నుతో నొక్కి గీస్తారు. గీత పైకి తేలి వేలికి తగులుతుంది. అది దొరక్కపోతే బల్ల మీద వేలితో గీస్తూ పైకి చెప్పమన్నా చాలు.

వాళ్లు గీసినదాన్ని అసలు గ్రాఫు పక్కన పెట్టండి. తేడా ఎక్కడుంటే స్క్రిప్టులో లోపం అక్కడుంది:

- మొత్తం గీత మరీ పైన లేదా మరీ కింద ఉంది: నిలువు అక్షం పరిధి స్పష్టంగా రాలేదు
- 1921 దగ్గర గుంట లోతుగా ఉంది: దిగుడు ఎంత చిన్నదో చెప్పలేదు
- కొస నుంచి కొసకు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది: ముప్పై ఏళ్ల మూడు అంకెలు త్వరగా చదివేశారు
- చివర్లో గీత ఆకాశానికి లేచిపోయింది: చివరి దశాబ్దాల వాక్యం వినపడలేదు

వాళ్లు మధ్యలో ఆపి "మళ్లీ పెట్టు" అన్న చోటు కూడా గుర్తు పెట్టుకోండి. అక్కడ రెండు అంకెలు మరీ దగ్గరగా వచ్చి ఉంటాయి.

## 8. పక్క పేజీలోనే ఉండే ఉచ్చు

ఈ గ్రాఫు తర్వాత చాలా పుస్తకాల్లో మరొకటి వస్తుంది: దశాబ్ద వృద్ధి రేటు, కమ్మీ చిత్రంగా. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

దీని ఆకారం వేరు. ఎడమ చివర చిన్న కమ్మీ, సుమారు 6 శాతం. దాని పక్కన 1911–21ది సున్నా గీతకు కొంచెం కిందికి దిగుతుంది. తర్వాత కమ్మీలు లేస్తూ 1961–71లో దాదాపు 25 శాతానికి చేరతాయి. ఇంకో రెండు దశాబ్దాలు ఆ చుట్టుపక్కలే ఉండి, చివరి రెండింటిలో దిగుతాయి. కుడి చివర సుమారు 18 శాతం. మొత్తం మీద ఒక గుట్ట.

"కుడివైపు జనాభా తగ్గుతోంది" అని చదివితే ఘోరమైన తప్పు. తగ్గింది పెరుగుదల శాతం. జనాభా అప్పుడూ పదేళ్లకు 18 కోట్ల చొప్పున పెరుగుతూనే ఉంది. అందుకే రేటు గ్రాఫు వర్ణించేటప్పుడు కమ్మీల గురించి మాట్లాడకముందే ఒక వాక్యం కలపండి: "ఇది జనాభా ఎంతో చూపదు, పదేళ్లలో ఎంత శాతం పెరిగిందో చూపుతుంది." ఆ తర్వాత "కమ్మీ పొట్టిదవుతుంది" అనండి, "తగ్గుతుంది" అనకండి.

ఇంకో మెలిక: 24 శాతం నుంచి 18 శాతానికి దిగడాన్ని "ఆరు శాతం తగ్గింది" అనకూడదు. 24లో ఆరు అంటే పావు వంతు. "ఇరవై నాలుగు శాతం నుంచి పద్దెనిమిది శాతానికి" అని రెండు కొసలూ చెప్పేస్తే గొడవే లేదు.

## 9. గీత వణుకుతుంటే

జనాభా గీత బుద్ధిమంతురాలు. అన్నీ అలా ఉండవు. పర్యావరణం పాఠాల్లో హవాయి దీవుల్లోని మౌనా లోవా దగ్గర 1958 నుంచి కొలుస్తున్న కార్బన్ డయాక్సైడ్ గ్రాఫు వస్తుంది. అందులో రెండు కదలికలు ఒకేసారి ఉంటాయి. ఏటా మే నెలలో శిఖరానికి చేరి, శరత్కాలానికి దిగి, మళ్లీ లేస్తుంది. ఆ రంపం పళ్లతోనే గీత మొత్తం ఏళ్ల తరబడి పైకి పోతుంది. పది లక్షల భాగాల్లో సుమారు 315 నుంచి 420 పైకి చేరింది.

రెండు కదలికలనూ ఒకే వాక్యంలో కలిపితే "పెరుగుతూ తగ్గుతూ పెరుగుతుంది" అనే అర్థం లేని మాట వస్తుంది. పెద్దదాన్ని ముందు చెప్పండి: "గీత ఏటవాలుగా పైకి పోతుంది." ఆగండి. తర్వాత చిన్నది: "దగ్గరగా చూస్తే గీత నున్నగా లేదు, రంపంలా ఉంది. ఏడాదికి ఒక పన్ను." ఒక్క పన్ను ఎంత ఎత్తో చెప్పండి, సుమారు 6 భాగాలు. మొత్తం మీద వంద దాటిన పెరుగుదల పక్కన ఆరు అనగానే, పళ్లు సన్నవని వినేవాడికి తనంతట తనకే తెలిసిపోతుంది.

అయిదారు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే గ్రాఫు వస్తే మాత్రం ఈ పద్ధతితో కుస్తీ పట్టకండి. చట్రం చెప్పి, అన్నిటికంటే పైన ముగిసిన గీతనూ, అన్నిటికంటే కింద ముగిసిన గీతనూ నడిపించి, మిగతావాటికి విలువల పట్టికను వేరే ట్రాకుగా రికార్డు చేసి పెట్టండి. కావలసినవాళ్లు ఆ ట్రాకు తెరిచి, తమకు కావలసిన గీతనే ఆపుకుంటూ వింటారు.